కోర్టు చెప్పిందా, ఆర్డర్ వేసిందా?

పోయిన వారం హాస్టల్లో కలిసిన ఒక డిగ్రీ తమ్ముడు నన్ను నిలదీశాడు. "అక్కా, నువ్వు ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేసి పెడతావు కదా, ఒక వాక్యం పేపర్ భాషలో ఉంటది, పక్క వాక్యం మనింట్లో మాట్లాడుకున్నట్టు ఉంటది. ఏదో ఒకటి పట్టుకోవచ్చు కదా?" అన్నాడు. అక్కడికక్కడ ఏదో చెప్పి తప్పించుకున్నాను. నిజానికి దానికి రెండు ముక్కల్లో జవాబు లేదు. ఒకే వార్తని నేను మూడుసార్లు తెలుగు చేయాల్సి వచ్చిన సంగతి చెప్తే గానీ అర్థం కాదు. కాబట్టి ఈ వారం అదే రాస్తున్నాను. కొంచెం పొడుగుంటది, ఓపిక పట్టండి.

2023 అక్టోబర్ 20, శుక్రవారం. బల్‌రామ్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా అనే కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. డ్రైనేజీల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పని చేస్తూ చనిపోయిన మనిషి కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారం 30 లక్షలని తేల్చింది. పనిలో శాశ్వతంగా వికలాంగులైతే 20 లక్షలకు తగ్గకూడదు, వేరే రకం వైకల్యమైతే 10 లక్షలకు తగ్గకూడదు. అంతకుముందు 2014 మార్చిలో సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో ఇదే కోర్టు 10 లక్షలని చెప్పి ఉంది. 1993 నుంచి చనిపోయిన వాళ్ళందరికీ ఇవ్వాలంది. ఆ పది ఇప్పుడు ముప్పై అయ్యింది.

శనివారం పొద్దున ఇంగ్లిష్ పేపర్లో ఈ వార్త చదివాను. మా ఊళ్ళో మున్సిపాలిటీ పనివాళ్ళ కాలనీలో ఆదివారం ప్రార్థన అయ్యాక ఓ అరగంట కూర్చుంటాం. ఆ వారం వార్తల్లో మనకి సంబంధించినవి నేను తెలుగులో చదువుతాను. నాలుగేళ్ళుగా నడుస్తున్న అలవాటు. ఆ రాత్రి కూర్చుని వార్త మొత్తం తెలుగు చేశాను. మొదటి వాక్యం ఇలా వచ్చింది:

"మురుగునీటి పారుదల వ్యవస్థను శుభ్రపరిచే క్రమంలో మృతి చెందిన పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలకు చెల్లించవలసిన నష్టపరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచుతూ సర్వోన్నత న్యాయస్థానం తీర్పు వెలువరించింది."

తప్పేమైనా ఉందా? లేదు. ఏ పేపర్ డెస్కుకిచ్చినా కామా కూడా మార్చకుండా వేసుకుంటారు. మర్నాడు గొంతు సవరించుకుని చదివాను. అందరూ మర్యాదగా విన్నారు. చదవడం అయిపోయాక ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ, ముప్పై ఏళ్ళు చీపురు పట్టిన మనిషి, "బాగా చదివావమ్మా" అంది. ఆగి, "ఇంతకీ అది మనకేనా?" అంది.

ఆ ప్రశ్న విన్నాక నా వాక్యాన్ని మళ్ళీ చూసుకున్నాను. "మురుగునీటి పారుదల వ్యవస్థ" అంటే వాళ్ళలో ఎవరికీ కళ్ళ ముందు ఏదీ కనపడదు. వాళ్ళ నోట్లో అది డ్రైనేజీ, మ్యాన్‌హోలు, ట్యాంకు. "కాలవ" అని రాద్దామా అంటే, మా వైపు కాలవంటే ఇళ్ళ ముందు పారే సైడు కాలవ. మూత తీసి దిగాల్సిన డ్రైనేజీ వేరు. సైడు కాలవలో ఎవరూ ఊపిరాడక చనిపోరు. "క్రమంలో" ఎందుకుంది అక్కడ? ఇంగ్లిష్‌లో ఉన్న "వైల్" అన్న ముక్కకి పేపర్లు అలవాటు చేసిన మాట అది. "కడుగుతూ" అంటే సరిపోద్ది. "వెలువరించింది" సంగతి సరే, ఇంట్లో ఎవరైనా దేన్నైనా వెలువరించడం చూశారా?

కానీ ఆ భాష నాకు ఊరికే రాలేదు, అదీ చెప్పాలి. ఇంటర్లో నేను క్లాసులో లేచి జవాబు చెప్తే మేడం నా యాసని అనుకరించి నవ్వించేది. ఆ సంవత్సరమే నేను హాస్టల్ లైబ్రరీలో పేపర్ ఎడిటోరియల్స్ గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "దృష్ట్యా", "నేపథ్యంలో", "తత్ఫలితంగా"... ఒక్కో మాట నేర్చుకోవడం నాకు ఇస్త్రీ బట్టలు కొనుక్కున్నట్టుండేది. గిడుగు రామ్మూర్తి గారు వాడుక భాష కోసం పోరాడారని ఆగస్టు 29న స్టేజీల మీద చెప్తారు. నిజమే, పోరాడారు, గ్రాంథికం పక్కకి పోయింది. కాకపోతే దాని సీట్లోకి వచ్చి కూర్చున్నదాన్ని శిష్ట వ్యావహారికం అన్నారు. ఎవరా శిష్టులు? మా పెద్దమ్మ ఆ లిస్టులో లేదు. నేను మాత్రం ఎలాగోలా ఆ గదిలోకి దూరాను. దూరినదాన్ని అంత తొందరగా బయటికొస్తానా? నా మొదటి తర్జుమాలో నాకు తెలియకుండానే, "చూడండి, నాకూ వచ్చు" అన్న చాటింపు ఉంది.

సరే, ఆ సాయంత్రమే రెండోసారి రాశాను. ఈసారి పూర్తిగా ఇటు దూకాను:

"డ్రైనేజీలో దిగి చచ్చిపోయినోళ్ళ పెళ్ళాం పిల్లలకి 30 లక్షలు సాయం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది."

కాలనీ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో అందరికీ చేరింది, అందరికీ అర్థమైంది. నాకు గర్వంగా కూడా అనిపించింది. జనం భాషలో రాశాం, పని అయిపోయింది అనుకున్నాను.

మంగళవారం ఇద్దరు ఆ మెసేజ్ పట్టుకుని ఆఫీసుకెళ్ళారు. కౌంటర్లో ఉన్నాయన ఫోన్ తీసుకుని చదివి, నవ్వి, ఒక్క మాటన్నాడు. "కోర్టు చెప్పింది అనే కదా ఉంది. చెప్తది. ఆర్డర్ వేసిందా? సాయం అంటే గవర్నమెంటు దగ్గర ఉన్నప్పుడు ఇస్తది."

ఆయన్ని ఏమనాలి? తెలుగు చదివాడు, నేను రాసిందే చదివాడు. ఇంగ్లిష్ వార్తలో ఉన్న మాట "డైరెక్టెడ్". దానికి నేను వేసిన "చెప్పింది" అన్నది మా నాన్న చెప్పినా చెప్పిందే, పక్కింటి పిన్ని చెప్పినా చెప్పిందే. పేపర్లు కొన్నిసార్లు "సూచించింది" అని వేస్తాయి, అది ఇంకా ఘోరం. సూచన పాటించకపోయినా ఎవరికీ ఏమీ కాదు. "ఆదేశించింది" అంటేనే సరైన బరువు. అది పేపర్ మాటే అయినా కాలనీలో అందరికీ తెలుసు. అది బరువనిపిస్తే జనం వాడే మాట ఇంకోటుంది: "ఆర్డర్ వేసింది". నేను జనం భాష అనుకుని, జనం దగ్గర ఉన్న గట్టి మాట వదిలేసి మెత్తటి మాట ఏరుకున్నాను.

"సాయం" మీద కూడా నాదే తప్పు. ఇంగ్లిష్‌లో "కాంపెన్సేషన్" అని ఉంది. అంటే నష్టం చేసినవాడు కట్టాల్సిన డబ్బు. "ఎక్స్‌గ్రేషియా" అని వేరే మాటుంది, అది దయతో ఇచ్చేది. ముఖ్యమంత్రులు ప్రకటించేది ఎక్కువసార్లు అదే. ఈ రెంటికీ తెలుగులో "సాయం", "ఆర్థిక సాయం" అని రాసేస్తే తీసుకునేవాడు చెయ్యి చాపినట్టూ ఇచ్చేవాడు పుణ్యం చేసినట్టూ అవుద్ది. "పరిహారం" అన్న మాట సంస్కృతమే. కానీ మా జిల్లాలో భూములు పోయిన ప్రతి ఊళ్ళో ముసలాళ్ళ దగ్గర్నుంచి అందరూ పలుకుతారు. సులువు చేయాల్సిన అవసరమే లేని మాటని నేను సులువు చేసి, అందులో ఉన్న హక్కుని ఊడబీకాను.

"పెళ్ళాం పిల్లలు" కూడా అంతే. ఇంగ్లిష్‌లో ఉన్నది "డిపెండెంట్స్". చనిపోయిన కుర్రాడికి పెళ్ళి కాకపోతే? వాడి సంపాదన మీద బతికే తల్లి సంగతేంటి? పేపర్ తెలుగులో "ఆధారపడినవారు" అంటారు, కొంచెం గట్టిగానే ఉంటది గానీ ఎవరినీ బయటికి నెట్టదు. నేను ఇప్పుడు "అతని సంపాదన మీద బతికే ఇంటివాళ్ళు" అని రాస్తున్నాను. నాలుగు మాటలు ఎక్కువైనా తల్లి బయట ఉండిపోదు.

ఇవి నాకు కౌంటర్ దగ్గర తెలిసినవి. తర్వాతిది కాలనీలోనే తెలిసింది. దాని గురించి రాయాలంటే ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగా ఉంటది.

గ్రూపులో ఒక కుర్రాడున్నాడు. వాళ్ళ నాన్న ట్యాంకులో దిగి పోయాడు. బీటెక్ చదువుతున్నాడు. వేరేగా ఫోన్ చేశాడు. "మా నాన్న చచ్చిపోయాడని మా ఇంట్లో మేమూ అంటాం అక్కా. మా అమ్మా అంటది. కానీ నువ్వు కాగితం మీద రాస్తే వేరేగా ఉంది" అన్నాడు.

వేరేగా ఎందుకుంటదంటే, తెలుగులో క్రియ చివర మర్యాద ఉంటది. ఇంగ్లిష్ వాడికి ఆ బాధ లేదు. ప్రధానమంత్రికీ "సెడ్", పనిమనిషికీ "సెడ్". ప్రెసిడెంటుకీ "డైడ్", కూలీకీ "డైడ్". తెలుగు చేసేవాళ్ళకి ఆ దారి లేదు. చెప్పాడా, చెప్పారా? చనిపోయాడా, మరణించారా, కన్నుమూశారా, పరమపదించారా? ప్రతి మనిషికీ ఒక మెట్టు ఎంచి పెట్టాలి. ఎంచను అనే వీలు లేదు. ఎంచుకోవడం కూడా చేయి అలవాటుగా చేసేస్తది, మనం ఎంచుకున్నామన్న సంగతే తెలియదు.

ఈసారి పేపర్ తీసి జిల్లా పేజీ చూడండి. ఒకే వార్తలో "కమిషనర్ చెప్పారు, కాంట్రాక్టర్ తెలిపారు" అని ఉండి, దాని కిందే "కార్మికుడు వాపోయాడు" అని ఉంటది. ఇద్దరూ చేసింది మాట్లాడటమే. ఒకరికి రు, ఒకరికి డు. ఆడవాళ్ళయితే ఇంకో ముడి. "ఆమె చెప్పింది" అన్నప్పటి క్రియ రూపం, "ఆవు అరిచింది" అన్నప్పటి రూపం ఒకటే. కలెక్టరమ్మ అయితే వెంటనే "చెప్పారు" అయిపోద్ది, చీపురు పట్టినామె "చెప్పింది" దగ్గరే ఆగిపోద్ది. మా అమ్మని ఆఫీసులో ఎవరైనా "మీరు" అనడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ "నువ్వు"ని నేనే కాగితం మీదికి మోసుకొచ్చానని ఆ కుర్రాడు ఫోన్ చేసేదాకా తట్టలేదు.

వాడుక భాష అంటే మనదే, అందులో మనకి అవమానం ఉండదు అని మనం అనుకుంటాం. ఈ వాడుకని తయారుచేసింది మనం ఒక్కళ్ళమే కాదు గదా. ఊరంతా కలిసి వాడుకున్నది. ఊరు మనల్ని ఎలా పిలిచిందో అది కూడా అందులో ఉంది.

ఆ వార్తలోనే "మాన్యువల్ స్కావెంజింగ్" అని ఉంది. దీనికి జనం నోట్లో ఉన్న మాట ఒకటే: పాకీపని. అందరికీ తక్షణం అర్థమవుద్ది. పాకీ అన్నది కులం పేరు, ఎస్సీ జాబితాలో ఉన్న పేరు. అదే తిట్టు కూడా. పనినీ, కులాన్నీ, తిట్టునీ ఒకే మాటలో ముడేసిన భాష మనది. నా రెండో తర్జుమాలో ఆ మాట రాశాను. గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. కానీ తర్వాత ఆదివారం ఒక ఇంటివాళ్ళు మీటింగుకి రాలేదు. నేనెళ్ళి అడిగితే ఆ ఇంటామె, "ఆ మాట మా బడిలో రాసేవాళ్ళు గోడల మీద. నువ్వు ఫోన్లో రాశావు" అంది. కూర్చోమని కూడా అనలేదు.

పోనీ పేపర్లో వాడే "పారిశుద్ధ్య పని" అని రాస్తే? అది ఇటు నుంచి మోసం. రోడ్డు ఊడవడం పారిశుద్ధ్యం, చెత్త బండి నడపడం పారిశుద్ధ్యం, ఇది కూడా పారిశుద్ధ్యమే అంటే, 1993లో ఒక చట్టం, మళ్ళీ 2013లో ఇంకో చట్టం పెట్టి దేన్ని నిషేధించారో తెలియకుండా పోద్ది. ఊడవడాన్ని ఎవరూ నిషేధించలేదు.

పైగా 2013 చట్టంలో రెండు వేరు వేరు మాటలున్నాయి. మలాన్ని చేతులతో ఎత్తే పని ఒకటి. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు ఏవీ లేకుండా మనిషిని డ్రైనేజీలోకీ ట్యాంకులోకీ దించడం రెండోది. దీన్ని చట్టం ప్రమాదకరమైన శుభ్రత పని అంటది. ఈ తేడా చూపించే పార్లమెంటులో మంత్రులు, మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల చావులేమీ మా దృష్టికి రాలేదు, సెప్టిక్ ట్యాంకులూ డ్రైనేజీలూ కడుగుతూ జరిగినవి వేరు, అని జవాబు ఇచ్చారు. ఇంగ్లిష్‌లో ఆ తెలివి కనిపిస్తది. తెలుగులో రెంటినీ "పారిశుద్ధ్య పనులు" అని రాసేస్తే ఆ జవాబు పచ్చి అబద్ధంలాగో, లేకపోతే అసలేమీ అర్థం కానట్టో ఉంటది. అందులో అసలు కిటుకు ఎక్కడుందో చదివేవాడికి దొరకదు.

ఇక్కడ నన్ను గట్టెక్కించింది పేపర్ భాషా కాదు, తిట్టు భాషా కాదు. తెలుగు క్రియలో ఒక సదుపాయం ఉంది. ఎత్తడం, ఎత్తించడం. దిగడం, దించడం. కడగడం, కడిగించడం. చిన్న ముక్క చేరగానే, ఆ పని చేసేవాడి వెనక చేయించేవాడు కూడా వచ్చి నిలబడతాడు. 2013 చట్టం నేరమన్నది కూడా చేయించడాన్నే. మనిషిని ఆ పనికి పెట్టుకున్నవాళ్ళకే శిక్ష. డ్రైనేజీలోకి దించినందుకు మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు గానీ, 2 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. కాబట్టి "మనుషుల చేత మలం ఎత్తించడం", "మనుషుల్ని డ్రైనేజీలోకి దించడం" అని రాశాను. కులం పేరు రాలేదు, తిట్టు రాలేదు, మా పెద్దమ్మకి అర్థమైంది, చట్టానికీ దగ్గరగా ఉంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, స్టూడెంట్స్ గుర్తుపెట్టుకోండి. చట్టం గురించి రాసేటప్పుడు "దించడం" సరైన తర్జుమా. కానీ ఒక ఊళ్ళో జరిగిన చావు వార్త తెలుగు చేస్తుంటే, ఇంగ్లిష్‌లో "ఎంటర్డ్" అని మాత్రమే ఉంటే, మనకి ఎంత కడుపు మండినా "దించారు" అని రాయకూడదు. ఎవరు దించారో ఆ విలేకరి రాయలేదు, మనం కలపకూడదు. భార్య ఆ మాట అన్నట్టు అదే వార్తలో ఉంటే, ఆమె నోటితోనే రాయాలి: "కాంట్రాక్టరే దించాడని ఆమె చెప్పారు". "దించాడట" అని రాయొద్దు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు "అట" ఎంతో సహజంగా వస్తది. కాగితం మీద మాత్రం "మరి నిజమో కాదో" అన్న అనుమానం ఆమె మాటకి తగిలిస్తది. "అట"ని నేను వార్తల్లోంచి పూర్తిగా తీసేశాను.

మర్యాద సంగతికొస్తే, ఒక వార్తలో అందరికీ ఒకే చివర పెట్టడం మొదలుపెట్టాను. కమిషనర్ "చెప్పారు" అయితే కూలీ కూడా "చెప్పారు", భార్య కూడా "చెప్పారు". "వాపోయారు", "బోరుమన్నారు" తీసేశాను. పేదోళ్ళకి నోరు ఏడవడానికి మాత్రమే ఉన్నట్టు రాస్తారు మన పేపర్లలో. దీనికి పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మనోళ్ళకి పెట్టు, బాగుంది. పరారైన కాంట్రాక్టర్‌కి కూడా రు ఎందుకే?" అని పోట్లాడింది. ఆమెకి ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు నేను.

ఇంక అసలు విషయం. దీనికోసమే ఇదంతా రాయడం.

మూడోసారి రాయడానికి ఇంగ్లిష్ వార్త మళ్ళీ తీశాను. తీర్పు కాపీ కూడా సంపాదించి ఆ పేరా దగ్గర పెట్టుకున్నాను. వార్త చివర్లో ఒక వాక్యం ఉంది. మొదటి తర్జుమాలో దాన్ని ఇలా రాశాను: "బాధితులపై ఆధారపడినవారికి ఇంతవరకు సదరు మొత్తం చెల్లింపబడని పక్షంలో పై మొత్తమును వారికి చెల్లించవలసియున్నది." ఆదివారం ఇది గట్టిగా చదివాను కూడా. ఒక్కరి మొహంలో కదలిక లేదు. రెండో తర్జుమాలో, మెసేజ్ పొడుగైపోతుందని, ఆ వాక్యాన్ని తీసిపారేశాను. జనానికి అర్థమయ్యేలా రాయడమంటే కుదించడం అనుకున్నాను. కుదించేటప్పుడు ఏది పోద్ది? మెలికలున్న వాక్యమే పోద్ది. హక్కు తరచుగా ఆ మెలికలోనే ఉంటది.

ఆ వాక్యం మూడోసారి ఇలా రాశాను:

"ఈ తీర్పుకి ముందు చనిపోయిన వాళ్ళ ఇంటివాళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది. ఇప్పటిదాకా పరిహారం అందకపోతే, వాళ్ళకీ 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆర్డర్ వేసింది."

ఒక వాక్యం రెండయ్యింది. "పక్షంలో" పోయింది, "సదరు" పోయింది, "చెల్లింపబడని" పోయింది. పరిహారం ఉంది, ఆర్డర్ ఉంది. "ముందు చనిపోయిన వాళ్ళు" అన్న మాట ఇంగ్లిష్ వాక్యంలో విడిగా లేదు, దాని అర్థంలో ఉంది. వినేవాళ్ళకి అదే ముందు కావాలి కాబట్టి ముందుకి తెచ్చాను.

ఆ ఆదివారం ఇది చదువుతుంటే గోడ పక్కన కూర్చున్న ఒక అక్క, "ఆగాగు" అంది. ఆమె భర్త 2019లో పోయారు. ప్రైవేటు అపార్ట్‌మెంట్ ట్యాంకులో. అప్పుడు దహనఖర్చులని ఎంతో ఇచ్చి పంపేశారు. మొదటి ఆదివారం కూడా ఆమె అదే గోడ పక్కన కూర్చుని విన్నది. "సదరు మొత్తం చెల్లింపబడని పక్షంలో" అని నేను చదివినప్పుడు ఆమె పాప జడ అల్లుతూ ఉంది. నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ పాప కదులుతుంటే ఆమె నెత్తిన ఒక్కటేసింది, నేను చదవడం ఆపి చూశాను.

"మళ్ళీ చదువు" అంది. చదివాను. "ముందు పోయినోళ్ళకి కూడానా?" అంది. అవునన్నాను. "మరి పోయినవారం ఇది లేదే?"

ఉంది, అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాసేపాగి చెప్పాను.

మర్నాడు ఇద్దరం కూర్చుని కలెక్టర్ గారికి అర్జీ రాశాం. ఇక్కడ నేను మళ్ళీ పేపర్ భాషకి పోయాను, బుద్ధిపూర్వకంగా. "గౌరవనీయులైన", "పై విషయమై తమరికి విన్నవించుకోవడమేమనగా", కేసు పేరు, తీర్పు తేదీ, "ఆదేశించినందున", "అన్నీ". అక్క పక్కనుండి, "ఇంత కష్టంగా ఎందుకు రాస్తున్నావు, మొన్నటిలా రాయి" అంది. ఆ బల్ల మీద ఆ భాషే పని చేస్తది, మొన్నటిలా రాస్తే ఆ కౌంటర్ ఆయన నవ్వినట్టు ఇంకొకరు నవ్వుతారు, అన్నాను. అయితే నాకు ఆ మాటలన్నీ నేర్పు అంది. రాసిన ప్రతి వాక్యం కింద పెన్సిల్‌తో మామూలు తెలుగులో అర్థం రాయించుకుంది. ఆ పెన్సిల్ కాపీ తన దగ్గర పెట్టుకుని, పైన మంచి కాపీ ఇచ్చింది. ఆఫీసులో అడిగితే, ఏ మాట ఎందుకు రాశామో తనే చెప్పగలగాలి కదా.

తమ్ముడూ, నువ్వడిగావే, ఒక వాక్యం అలా, ఒక వాక్యం ఇలా ఎందుకని. ఇప్పుడు నేను ప్రతి వాక్యం దగ్గర ఆగి ఒకటే అడుగుతాను: దీన్ని చదివిన మనిషి రేపు దీన్ని పట్టుకుని ఎక్కడికెళ్తాడు? విని ఊరుకునే వాక్యమైతే ఇంటి మాట చాలు. ఆఫీసు బల్ల మీద పెట్టాల్సిన వాక్యమైతే, అక్కడ చెల్లే మాట అందులో ఉండి తీరాలి, పరిహారం, ఆదేశం, ఎఫ్ఐఆర్, నిబంధన, ఏదైనా సరే. ఆ ఒక్క మాట చుట్టూ మిగతాదంతా ఇంటి తెలుగు. అందుకే నీకు అతుకులబొంతలా కనిపిస్తుంది.

ఆ అర్జీ మీద స్టాంపు వేసి రసీదు ఇచ్చారు. తర్వాత రెండుసార్లు "పరిశీలనలో ఉన్నది" అని ఉత్తరం వచ్చింది. మొన్న మూడో ఉత్తరం వస్తే అక్క నాకు ఫోన్లో చదివి వినిపించింది. "'తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపబడినది' అని ఉంది. 'పంపబడినది' అంట, ఎవరు పంపారో లేదు, ఎవరికి పంపారో లేదు" అంది. "ఆ రెండూ అడుగుతూ ఇంకో కాగితం రాద్దాం, ఆదివారం రా."

ఈ ఆదివారం వెళ్తున్నాను.